‘ఇంకా చూస్తున్నా’ అంటే అవతలివాళ్లకి ఏం వినిపిస్తుంది?

*నా వయసు 27. మాది కరీంనగర్ దిక్కు. నాలుగు నెలల కింద జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. మహబూబ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నా. ఇక్కడ నాకెవరూ తెలియదు. టిండర్‌లో ప్రొఫైల్ పెట్టి ‘ఊరికి కొత్త. ఎక్స్‌ప్లోరింగ్. చూద్దాం ఎటు పోతదో’ అని రాశా. మ్యాచ్‌లకేం తక్కువ లేదు. కానీ సగం మంది ‘ఊరు నేను చూపిస్తా’ అంటారు, మిగిలినోళ్లు రెండో మెసేజ్‌కే ‘రూం ఏడ?’ అంటారు. ఒక్కతను మంచిగ మాట్లాడిండు. పది రోజులైనంక ‘సీరియస్‌గనే ఉన్నవా, టైంపాసా?’ అని అడిగిండు. ‘గో విత్ ద ఫ్లో’ అన్నా. అంతే, మళ్లీ మెసేజ్ లేదు. నేను అబద్ధం చెప్పలేదు. నాకే తెలియదు. ఈ ఊళ్లో ఏడాది ఉంటానో, రెండేళ్లుంటానో తెలియదు. ఇంట్లో అమ్మ సంబంధాలు చూడ్డం మొదలుపెట్టింది, దానికి నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. తెలియనిదాన్ని తెలియదని ఎట్ల రాయాలె? ప్రొఫైల్‌లో ఏం పెట్టాలె, చాట్‌లో ఏం చెప్పాలె?*

*– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్*

మీరు తెలియదని చెప్పడం తప్పు కాదు. మూడు వేర్వేరు ‘తెలియదు’లను ఒక్క మాటలో కట్టి పెట్టడంతో వచ్చింది చిక్కు. ఊరు ఇంకా తెలియదు. ఎలాంటి బంధం కావాలో తేల్చుకోలేదు. ఈ ఊళ్లో ఎన్నాళ్లుంటారో తెలియదు. ‘ఎక్స్‌ప్లోరింగ్’ అన్న మాట మూడింటికీ సరిపోతుంది కాబట్టి, చదివేవాళ్లు తమకు అనువైనదాన్ని ఏరుకుంటారు. ఒకడికి అది గైడ్ కావాలన్నట్టు, ఇంకొకడికి ఒంటరిగా ఉన్నానన్నట్టు, మూడోవాడికి టైంపాస్ అన్నట్టు వినిపిస్తుంది. మీకొచ్చిన మెసేజ్‌లు కూడా సరిగ్గా ఈ మూడు రకాలే.

దాన్ని తెలుగులోకి మార్చి ‘ఇంకా చూస్తున్నా’ అని పెడితే ఇంకా ఇబ్బంది. మన దగ్గర ‘చూస్తున్నారు’ అంటే సంబంధాలు చూస్తున్నారనే. ఆ మాట కనబడగానే కొందరు కులం, కట్నం దాకా వెళ్లిపోతారు. ‘ఫ్రెండ్‌షిప్ కోసం’ అని పెట్టినా లాభం లేదు. ఆ మాటను చాలామంది మగవాళ్లు ఎంత తేలిగ్గా వాడేశారంటే, నిజంగా స్నేహమే కావాలన్నవాళ్లను కూడా ఇప్పుడెవరూ నమ్మట్లేదు. అందుకే మీకు ఇంకో మంచి పదం వెతికిపెట్టడం లేదు. ఆ మూడు ‘తెలియదు’లను విడదీసి, ఒక్కోదాన్ని దాని చోట పెడదాం: ఒకటి ప్రొఫైల్‌లో, ఒకటి చాట్‌లో, ఒకటి ఎదురుగా కూర్చున్నప్పుడు.

ముందు ఊరి సంగతి. ‘ఊరికి కొత్త’ అన్న మాట నాలుగు నెలలకే పాతబడింది, తీసేయండి. ఆ వాక్యంలో అవతలివాళ్లు జవాబివ్వడానికి ఏమీ లేదు, చేతనైంది ‘చూపిస్తా’ అనడం ఒక్కటే. మహబూబ్‌నగర్‌లో చూపిస్తానంటే పిల్లలమర్రితో మొదలై మన్యంకొండతో అయిపోతుందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. దాని బదులు, ఈ ఊరి గురించి మీకు నిజంగా ఉన్న ఒక చిన్న సందేహాన్ని అడగండి. ఇక్కడ పెరిగినవాళ్లు మాత్రమే జవాబు చెప్పగలిగేదై ఉండాలి. ఉదాహరణకి, ‘కురుమూర్తి జాతరకి ఉద్దాల రోజే పోవాలా, రద్దీ తగ్గినంక పోవాలా?’ ఉద్దాలంటే స్వామి పాదుకలు, వాటిని ఊరేగించే రోజే ఉద్దాల రోజు. ఈ ప్రశ్నకి రెండు మాటల్లో జవాబు రాదు. నిజంగా వెళ్లినవాడైతే జనం ఎట్లా ఉంటారో, ఎండ ఎట్లా ఉంటదో, ఏ దారిన పోతే నయమో రాస్తాడు. వెళ్లనివాడు ‘నేను తీసుకపోతా’ అంటాడు. ప్రశ్న అడిగితే జవాబిచ్చేవాడెవడో, అవకాశం చూసుకునేవాడెవడో మొదటి మెసేజ్‌లోనే తేలిపోతుంది. జాతర దీపావళి తర్వాత కాబట్టి ఈ ప్రశ్న ఏడాదంతా నడవదు. వానాకాలంలో కోయిల్‌సాగర్ ప్రాజెక్టు గురించో, మామూలు రోజుల్లో జొన్నరొట్టె ఎక్కడ బాగుంటుందన్న దాని గురించో మార్చుకోండి.

ఇక బంధం సంగతి. దీని అసలు చోటు చాట్, కానీ ప్రొఫైల్‌లోనూ ఉండాల్సిందే, అక్కడ ఒక్క వాక్యం చాలు. టిండర్‌లో ఏం కోరుకుంటున్నారో ఎంచుకునే చోట Still figuring it out అని ఒకటి ఉంది. మీ పరిస్థితికి అది నిజమే. అయితే అది ఒక్కటే పెట్టి కింద ఏమీ రాయకపోతే మళ్లీ ‘ఎక్స్‌ప్లోరింగ్’ దగ్గరికే వస్తారు. Long-term, open to short పెడితే సీరియస్‌గా ఉన్నవాళ్లు దగ్గరకొస్తారు, కానీ మీరింకా అనని మాట అన్నట్టవుతుంది, రెండు నెలలకు అదే మాట మీకు ఎదురొస్తుంది. నా లెక్కన మొదటిదే ఉంచి, బయోలో వేగమెంతో చెప్పండి. ‘తేల్చుకోలేదు’ అనడానికీ ‘తొందర లేదు’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది విన్నవాళ్లకి మీరు వాళ్లనే తేల్చుకోలేకపోతున్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో మీరు వస్తున్నారు, మెల్లగా వస్తున్నారు అని ఉంటుంది.

రెండూ కలిపి రాస్తే ఇట్లా వస్తుంది:

‘ల్యాబ్‌లో పని, షిఫ్టుల బతుకు. ఉత్తర తెలంగాణ పిల్లని, పాలమూరు జొన్నరొట్టెకి అలవాటు పడుతున్నా. ఊరు చూపించేవాళ్లు వద్దు, గంటసేపు కూర్చుంటే మాటలు అయిపోని మనిషి కావాలి. నచ్చితే ముందుకు పోతా, కానీ తొందర లేదు. ఒక్క డౌట్: కురుమూర్తికి ఉద్దాల రోజే పోవాలా, రద్దీ తగ్గినంక పోవాలా?’

టిండర్ బయోకి ఇచ్చే 500 అక్షరాల్లో ఇది హాయిగా పడుతుంది. ఇంకా చోటు మిగిలిందని నింపకండి. ప్రశ్న చివర్లోనే ఉండాలి, ఎందుకంటే చదివినవాళ్ల చెయ్యి ఆగేది అక్కడే. ‘వద్దు’ అన్న మాట ఒక్కసారే వచ్చింది చూడండి. చాలామంది అమ్మాయిలు విసుగొచ్చి ‘టైంపాస్‌గాళ్లు వద్దు, పెళ్లైనోళ్లు వద్దు, హాయ్ అని ఆపేసేటోళ్లు వద్దు’ అని చిట్టా రాస్తారు. విసుగు న్యాయమే. కానీ ఆ చిట్టా చదివి వెనక్కిపోయేది మర్యాదస్తుడే. ఎవరి కోసం రాశారో వాడు చదవనే చదవడు.

‘కరీంనగర్’ అని కాకుండా ‘ఉత్తర తెలంగాణ’ అని రాయడానికి కారణముంది. మహబూబ్‌నగర్ హైదరాబాద్ కాదు. సొంతూరు, మందుల కంపెనీ, ల్యాబ్, హాస్టల్ – ఈ నాలుగూ ఒకచోట చేరితే కంపెనీ బస్సులో మీ పక్క సీటు అమ్మాయి కూడా మిమ్మల్ని పోల్చేస్తుంది. ఒక్కొక్కటిగా అయితే ఏదీ ప్రమాదం కాదు. ఫొటోల్లో మెడలో ఐడీ ట్యాగు, వెనక కంపెనీ గేటు, హాస్టల్ బోర్డు కనబడకుండా చూసుకోండి. టిండర్‌లో Block Contacts అని ఉంటుంది. కంపెనీవాళ్ల నంబర్లు, బంధువుల నంబర్లు అందులో పెడితే, ఆ నంబరుతోనే ఖాతా తెరిచినవాళ్లకి మీరు కనబడరు, మీకు వాళ్లు కనబడరు. వేరే నంబరుతో ఉన్నవాళ్లకి అది అడ్డు కాదు. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కి కచ్చితమైన లొకేషన్ కాక సుమారు లొకేషన్ ఇస్తే చాలు. ‘రెండు కిలోమీటర్ల దూరం’ అని కనబడటం పెద్ద నగరంలో ఏమీ కాదు. ఇక్కడ దాంతో కాలనీ తెలిసిపోతుంది.

యాప్‌లో ఎంత దూరంలో ఉన్నవాళ్లు కనబడాలో పెట్టే గీత ఎక్కడిదాకా లాగాలన్నది మీ ఇష్టం, దేనికుండే ఖర్చు దానికుంది. ముప్పై, నలభై కిలోమీటర్లలో ఉంచితే జడ్చర్ల, దేవరకద్ర దిక్కు వాళ్లే వస్తారు. తక్కువ మందే, కొన్ని రోజులకి అవే ముఖాలు. కానీ కలవడం తేలిక. ఎనభై, తొంభై దాటిస్తే శంషాబాద్ వైపు నుంచి హైదరాబాద్ మొత్తం వచ్చి పడుతుంది. యాప్ రోడ్డు దూరం చూడదు, గీత గీసినట్టు కొలుస్తుంది. అప్పుడు మ్యాచ్‌లు బాగా పెరుగుతాయి, కానీ ప్రతి చాట్ ‘వీకెండ్ సిటీకి రా’ దగ్గర ఆగుతుంది. షిఫ్టులు చేసేవాళ్లకి వీకెండ్ అన్నదే ఉండదు కదా. నెలకి రెండుసార్లు ఎలాగూ హైదరాబాద్ పోతున్నారంటే గీత పెంచుకోండి. లేకపోతే దగ్గరే ఉంచడం మంచిది.

చాట్‌కి వద్దాం. ‘ఊరు చూపిస్తా’ అన్నవాళ్లందరినీ తీసిపారేయనక్కర్లేదు. కొందరికి వేరే మాట మొదలుపెట్టడం రాదు. ‘చూపించుడు తర్వాత. ముందు నా డౌట్‌కి జవాబు చెప్పండి’ అని ఒక్కసారి అనండి. జవాబు వస్తే మాట్లాడొచ్చు. మళ్లీ ‘బైక్ మీద తీసుకపోతా’ అనే వస్తే ఆపేయొచ్చు.

‘రూం ఏడ?’ దగ్గర కొంచెం ఆగండి. మన మాటతీరులో ‘ఏడుంటవ్?’ అన్నది ‘తిన్నవా?’ లాంటిదే. అడిగినవాడికి మీ అడ్రసుతో పని ఉండకపోవచ్చు. మొదటిసారి అడిగితే ‘టౌన్‌లనే ఉంటా. మీరు ఇక్కడోళ్లేనా?’ అనండి, మాట తిరిగిపోతుంది. రెండోసారి అడిగినా, ‘హాస్టలా, రూమా? ఒక్కదానివేనా?’ దాకా వచ్చినా అది పలకరింపు కాదు. అప్పుడు ‘అది చాట్‌ల చెప్పను’ అని మూడు మాటలు రాయండి, కారణం రాయకండి. కారణం చెబితే అతను దానికి సమాధానం తయారు చేసుకుంటాడు. ముఖం మాడ్చుకుంటే మీకు పని తప్పింది.

మీరు, నువ్వు దగ్గర కూడా చూసుకోవాలి. మొదట ‘మీరు’తోనే మొదలుపెట్టండి. ఇక్కడివాళ్లు రెండో రోజుకే ‘నువ్వు’లోకి వస్తారు, అది చనువు తీసుకోవడం అనుకోనక్కర్లేదు, పాలమూరు మాటే అంత. మీకు ఇంకా ఇష్టం లేకపోతే మీ వైపు నుంచి ‘మీరు’ అంటూనే ఉండండి, చాలామంది సర్దుకుంటారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. చాలా మంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. అందులో ఆటపట్టించే గొంతు వినబడదు. మీరు నవ్వుతూ రాసిన ‘చూద్దాం’ అవతల కోపంగానో, దాటవేతగానో చేరుతుంది. అనుమానముంటే ఇంకో వాక్యం కలపండి.

షిఫ్టు సంగతి ముందే చెప్పేయండి. ల్యాబ్ లోపలికి ఫోన్ రానివ్వకపోతే ఎనిమిది గంటలు జవాబుండదు. అవతలివాళ్లు దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కేస్తారు. ‘షిఫ్ట్‌ల ఫోన్ ఉండదు, రాత్రి తొమ్మిదికి చూస్తా’ అని మొదటి రోజే చెబితే సగం అలకలు పుట్టనే పుట్టవు. బంబుల్ కూడా వాడాలనుకుంటే ఇది మరీ ముఖ్యం. అక్కడ మ్యాచ్ అయ్యాక 24 గంటల్లో మాట మొదలవ్వకపోతే మ్యాచే పోతుంది. ముందుగానే ఒక ప్రశ్న పెట్టి ఉంచుకునే వీలుంది. మీ కురుమూర్తి డౌట్ అందులో పెడితే, మీరు డ్యూటీలో ఉన్నా అవతలివాళ్లు జవాబిచ్చి ఉంచుతారు.

ఇప్పుడు మీరు తడబడిన చోటికి. ‘సీరియస్‌గనే ఉన్నవా, టైంపాసా?’ అని అడిగినతనికి రెండు గదులే తెలుసు. మీరు మూడో గదిలో ఉన్నారు. ‘గో విత్ ద ఫ్లో’ అంటే ఆ గది తలుపు తీయకుండా లోపలి నుంచి మాట్లాడినట్టయింది. అతనికి ఏ వివరమూ అందలేదు కాబట్టి తనకు నచ్చనిదాన్నే అనుకున్నాడు. ఈ ప్రశ్నకు జవాబులో మూడు విషయాలుండాలి: మీరు దేనికి సిద్ధం, దేనికి ఇంకా కాదు, అతని సంగతేంటి. ఇట్లా:

‘టైంపాస్ కాదు. అట్లని రేపే పెళ్లి మాట కూడా కాదు. ఒక మనిషితో మూడు నాలుగు నెలలు కలిసి మాట్లాడి, అప్పుడు చెప్పగలనేమో. అప్పటిదాకా ఇంకొకరితో మాట్లాడుతుంటే దాచను. నీ లెక్క ఏంది?’

చివరి ప్రశ్న మర్యాద కోసం పెట్టింది కాదు. అడిగేవాడి లెక్క కూడా బయటికి రావాలి. ‘మా ఇంట్ల ఈ ఏడే చేస్తరట’ అని అతనంటే, మీ నాలుగు నెలలు అతనికి సరిపోవు. ఇద్దరూ మంచివాళ్లే, అయినా కుదరదు. అది పదో రోజున తెలియడం నాలుగో నెలలో తెలియడంకన్నా చాలా నయం. ‘ఇంకొకరితో మాట్లాడుతుంటే’ అన్న వాక్యం మీ విషయంలో నిజం కాకపోతే తీసేయండి. నిజమైతే తీయకండి. అది చదివి కొందరు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి.

మూడో ‘తెలియదు’, అంటే ఎన్నాళ్లుంటారన్నది, ప్రొఫైల్‌లో రాయకండి. ‘ఏడాదే ఉంటా’ అని రాస్తే తక్కువ రోజుల వ్యవహారం కోరేవాళ్లకి అదే ఆహ్వానపత్రిక. కానీ పూర్తిగా దాచడమూ కుదరదు. మీరు కలిసేది ఇక్కడే ఇల్లు, పొలం, అమ్మానాన్న ఉన్నవాళ్లను. వాళ్లకి అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే. మొదటిసారి కలిసినప్పుడు గానీ, రెండోసారి కలిసేలోపు గానీ నోటితో చెప్పండి: ‘ఏడాది తర్వాత ఏ ఊరో నాకే తెలియదు. ఇక్కడే ఉండొచ్చు, పోనూ వచ్చు.’ ఇంటివాళ్లు చూస్తున్న సంబంధాల మాట కూడా అప్పుడే. ఆ రెండో విషయంలో మీకు రెండు దారులున్నాయి. అమ్మతో ‘ఆరు నెలలు ఆగు’ అని ముందు మాట్లాడుకుంటే, ఇక్కడ మీరు చెప్పే ‘తొందర లేదు’ నిజమవుతుంది. ఖర్చేంటంటే, ఎందుకని అమ్మ అడుగుతుంది. మాట్లాడకుండా వదిలేస్తే ఇప్పటికి ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది. కానీ ఏదో ఒక ఆదివారం పెళ్లిచూపులకు రమ్మని ఫోనొస్తుంది, అప్పుడు ఇక్కడి మనిషికి, అక్కడి మనుషులకి ఒకేసారి సంజాయిషీ చెప్పుకోవాలి. ఏది మోయగలరో మీకే తెలుసు.

కలిసేటప్పుడు వాక్యంలోనే హద్దు పెట్టేయండి: ‘ఆదివారం పదకొండుకి, టౌన్‌ల, గంటసేపు టీ. పన్నెండున్నరకి నాకు పనుంది.’ రోజు, చోటు, ఎంతసేపు, ఎప్పుడు లేస్తారు – నాలుగూ ఉన్నాయి. రావడం, పోవడం మీ ఆటోలోనే. మొదటిసారి కోయిల్‌సాగరో, హైవే మీద దాబానో వద్దు. అక్కడ మీకు నచ్చకపోతే లేచి రావడానికి అతని బండే దిక్కు. హాస్టల్లో ఒకరికి పేరు, టైము చెప్పి వెళ్లండి. ఎవరైనా స్క్రీన్‌షాట్లు మీ కంపెనీవాళ్లకి పంపుతానని బెదిరిస్తే బతిమాలకండి, చాట్ చెరిపేయకండి. అదంతా తీసి దాచి, 100కి ఫోన్ చేసి షీ టీమ్స్‌తో మాట్లాడాలని చెప్పండి.

వద్దనుకున్నప్పుడు మాయమైపోవడం పెద్ద నగరంలో చెల్లుతుందేమో. ఇక్కడ అదే మనిషి బస్టాండులో, బట్టల షాపులో ఎదురుపడతాడు. ‘మంచిగ మాట్లాడినం, కానీ నాకు ముందుకు పోవాలని అనిపిస్తలేదు. అందుకే ఇక్కడ ఆపుతున్నా’ అని రాయండి. ‘ప్రస్తుతం’, ‘ఇప్పుడైతే’ లాంటి మాటలు కలపకండి. అవి చదివితే నెల తర్వాత మళ్లీ అడగొచ్చనిపిస్తుంది.

మంచిగ మాట్లాడిండన్న ఆ అబ్బాయికి మళ్లీ రాయాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరంలో అందరికన్నా ఎక్కువ చోటు అతనికే ఇచ్చారు. రాయొచ్చు. రాయకపోతే పోయేదేమీ లేదు, అతను తప్పుగా అనుకున్నది అట్లాగే మిగిలిపోతుంది, అంతే. రాస్తే ఒక్కసారే, సంజాయిషీ లేకుండా: ‘ఆ రోజు నువ్వడిగినదానికి సరిగ్గా చెప్పలే. టైంపాస్ కాదు. తొందర మాత్రం లేదు. ఇంకా మాట్లాడాలనిపిస్తే ఆదివారం టీ తాగుదాం, లేదంటే ఏం అనుకోను.’ పంపే ముందు బయో మార్చేయండి. మెసేజ్ చూడగానే అతను మొదట చేసే పని మీ ప్రొఫైల్ మళ్లీ తెరవడమే. అక్కడింకా ‘చూద్దాం ఎటు పోతదో’ అనే ఉంటే కొత్త మెసేజ్‌ని నమ్మడు. వారం దాకా జవాబు రాకపోతే ఆ చాట్ మూసేయండి.